ముసురు రాత్రి, రేపటి ఓరుగల్లు

పొద్దుటి నుంచీ ముసురే. ఇలాంటి రోజు హనుమకొండలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి లేవగానే యూపీఎస్ చార్జింగ్ చూసుకుని పనిలో కూర్చున్నాను. డబ్బు పెట్టేవాళ్లకు చూపించే గేమ్ పిచ్‌లో మొదటి స్లైడ్ బొమ్మ ఇవాళ తేలాలి. రెండు వందల ఏళ్ల తర్వాతి ఓరుగల్లు, రాత్రి, వాన, సందు నిండా నియాన్ బోర్డులు. ఆటలో ఒక పిల్ల మందుల పార్సిళ్లు మోసుకుంటూ ఈ సందుల గుండా కోట దాకా పోవాలి. బొమ్మ చూసిన మనిషికి ఎవరూ చెప్పకుండానే ఆ దారి కనబడాలి.

మొదట రంగు జోలికి పోలేదు. నలుపు, బూడిద రంగులతోనే మూడు పొరలు వేసుకున్నాను. ముందు పొరలో ఒక టీ కొట్టు రేకు అంచు, దానికి వేలాడే వైర్లు. నడుమ సందు, బోర్డులు, మనుషులు. వెనక మేడలు, వాటి మీదుగా ఆకాశంలోకి లేచిన కాకతీయ తోరణం ఆకారం. వెలుతురును సున్నా నుంచి వంద దాకా కొలిస్తే ముందు పొర 6 దగ్గర, నడిమిది 18 దగ్గర, వెనకది 35 దగ్గర పెట్టాను. రాత్రి కదా, దూరం పోయేకొద్దీ నల్లబడాలి కదా అని చాలామంది అనుకుంటారు. పల్లెలో అయితే నిజమే. పట్నంలో మాత్రం వాన తుంపర, పొగమంచు బోర్డుల వెలుగునంతా పట్టుకుంటాయి. మనకూ దూరపు మేడకూ మధ్య ఆ వెలిగిన గాలి ఎంత ఎక్కువుంటే మేడ అంత లేతగా, అంత పలచగా కనిపిస్తుంది. లోతు తెచ్చేది ఆ గాలే. వెనక మేడలకు కిటికీలు ఎన్ని గీసినా, ఆ 35 లేకపోతే అవి ముందుకొచ్చి నడిమి గోడకు అతుక్కుపోతాయి.

ఆ పొరలు బొమ్మకే కాదు, ఆట కట్టేవాళ్లకూ పనికొస్తాయి. ముందుది దగ్గర నుంచి చూసేది కాబట్టి పూర్తిగా మోడల్ చెయ్యాలి. నడిమి సందును గోడ, కిటికీ, మెట్టు అని ముక్కలుగా చేసుకుని మళ్లీ మళ్లీ పేర్చుకోవచ్చు. వెనకది ఒట్టి అట్టముక్కలా నిలబెట్టినా సరిపోతుంది. డబ్బు పెట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే ఉంటుంది: ఇంత ఊరు మీరు ముగ్గురే ఎట్ల కడతరు?

బూడిద రంగు కుదిరాక నియాన్ మొదలుపెట్టాను. అసలు నియాన్ వాయువు వెలిగేది ఎర్రనారింజ రంగు ఒక్కటే. నీలం కావాలంటే ఆర్గాన్‌లో కాస్త పాదరసం, మిగతా చాలా రంగులకు గొట్టం లోపల వెలుగు రంగు మార్చే ఫాస్ఫర్ పూత. 1910లో పారిస్ మోటారు ప్రదర్శనలో జార్జ్ క్లోడ్ చూపించిన గొట్టాలూ ఆ ఎర్రవే. ఇప్పుడు మన బజారులో వెలిగేవి ఎక్కువగా ఎల్‌ఈడీ పట్టీలు, వాటికి ఏ రంగైనా సాధ్యమే. నేను మాత్రం గొట్టాన్నే పట్టుకున్నాను, తెలుగు అక్షరం కోసం. గాజును వేడి చేసి వంచుతారు కాబట్టి గుండ్రటి వంపు సుఖంగా వస్తుంది, మన అక్షరాలన్నీ వంపులే. తలకట్టు దగ్గరా ఒత్తు దగ్గరా మాత్రం గీత తెగుతుంది. గొట్టం తెగకూడదు కాబట్టి అక్షరానికీ అక్షరానికీ మధ్య గొట్టం సాగిపోతూనే ఉంటుంది, వెలుగు కనబడకూడని చోట దానికి నల్ల రంగు పూస్తారు. ఆ నల్ల ముక్కలు రెండు మూడు గీసేసరికి బోర్డు ఎవరో చేత్తో చేసినట్టు అనిపించింది. ఒత్తుల కోసం కింద చోటు వదిలాను. ఆ చోటు వదలకుండా ఇంగ్లిష్ బోర్డు ఎత్తులోనే తెలుగు కుక్కితే అక్షరాలు ఇరుక్కుపోతాయి.

గొట్టం నడుమ దాదాపు తెలుపే పెట్టాలి. రంగు దాని చుట్టూ వ్యాపించే కాంతిలో ఉంటుంది, పక్క గోడ మీద ఉంటుంది. నడుమ కూడా చిక్కటి గులాబీ పెడితే వెలిగే వస్తువులా కాదు, గోడకు అతికించిన స్టిక్కర్‌లా కనబడుతుంది. ఇంకో సంగతి, రంగు ఎంచుకునే పెట్టెలో నిండు నీలానికీ నిండు పసుపుకూ బ్రైట్‌నెస్ వందే చూపిస్తుంది. కంటికి మాత్రం ఆ నీలం పసుపు ముందు చీకటే. అందుకని ఫోటోషాప్‌లో అన్నిటికంటే పైన నల్ల లేయర్ ఒకటి వేసి దాని మోడ్ `Color` అని పెట్టి ఉంచుతాను. అది ఆన్ చేస్తే బొమ్మంతా బూడిద రంగవుతుంది. నీలం బోర్డులు మాయమై ఎర్రనారింజది ఒక్కటీ నిలిచింది. నాకు కావలసిందీ అదే. ఆ పిల్ల పోవలసిన సందు మొదట్లో ఉన్న బోర్డు అది, మందుల దుకాణం.

మధ్యాహ్నం మా మోడలింగ్ తమ్ముడు కరీంనగర్ నుంచి ఫోన్ చేసిండు.

"అన్నా, నీళ్లల్ల నీడ గీసుడెందుకు? పైన బొమ్మ కాపీ కొట్టి బోర్లేస్తే అయిపాయె గదా?"

"దూరం మేడలకు అయితది. దగ్గరి వాటికి కాదు. సాయంత్రం చౌరస్తకు పోయి ఫోటో పంపుతా, చూడు."

సాయంత్రం వాన కొంచెం తెరిపిచ్చింది. హనుమకొండ చౌరస్తాలో చీరల దుకాణాలు, మొబైల్ షాపులు అన్నీ దీపాలు వేసి ఉన్నాయి. రోడ్డు పక్కన ఒక గుంత నిండా నీళ్లు. దాని పక్కన గొంతుక్కూర్చుని చూస్తుంటే చాయ్ తాగుతున్న ఒకాయన "ఏం పోయింది బాబూ?" అని అడిగిండు. ఏం పోలేదన్నా, నీళ్లు చూస్తున్నా అంటే ఇంకా అనుమానంగా చూసిండు.

ఆ గుంతలో దుకాణం ముందున్న రేకుల పందిరి కనబడుతోంది, తలకిందులుగా. కానీ నిలబడి చూస్తే నాకు కనిపించని పందిరి అడుగు భాగం, దానికి కట్టిన ట్యూబ్‌లైటు, తుప్పు పట్టిన కొక్కెం నీళ్లలో కనబడుతున్నాయి. కన్ను నేల కింద అంతే లోతులో ఉండి పైకి చూస్తున్నట్టు లెక్క. కాపీ కొట్టి బోర్లేసిన బొమ్మలో ఈ అడుగు భాగం రాదు. నీళ్లలో ఎక్కడైనా పందిరి పైకప్పు కనబడిందంటే అది బోర్లేసిన బొమ్మే.

నీడ ఎక్కడ పడాలన్నదీ అక్కడే లెక్క కట్టుకున్నాను. నా కన్ను 1.6 మీటర్ల ఎత్తు. 20 మీటర్ల దూరంలోని గోడ మీద 6 మీటర్ల ఎత్తున బోర్డు ఉందనుకుందాం. దాని వెలుగు నా కాళ్ల నుంచి 4.2 మీటర్ల దూరంలో నేలను తాకి కంటికి చేరుతుంది. అంటే బోర్డు దూరంగా ఉన్నా దాని నీడ నాకు దగ్గరగా, దాదాపు ముందు పొరలో పడుతుంది. బొమ్మలో ఇన్ని లెక్కలు అక్కర్లేదు. గోడ నేలను తాకే చోటి నుంచి బోర్డు దాకా కొలిచి, అంతే పొడుగు కిందికి కొలిస్తే చాలు. అయితే బోర్డు గోడ నుంచి సందులోకి పొడుచుకుని వస్తే గోడ మొదలు నుంచి కొలవకూడదు, బోర్డు నుంచి నిట్టనిలువుగా నేలకు దారం వేసినట్టు అనుకుని అక్కడి నుంచి కొలవాలి. మన సందుల్లో సగం బోర్డులు పొడుచుకుని వచ్చినవే.

గుంత దాటితే ఒట్టి తడి తారు. అక్కడ అక్షరాలు లేవు, పొడుగ్గా సాగిన రంగు చారలే ఉన్నాయి. తారు గరుకు వల్ల వెలుగు చెదిరిపోతుంది, కానీ ఏటవాలుగా చూస్తాం కాబట్టి ఆ చెదరడం అడ్డంగా కంటే నిలువుగా చాలా ఎక్కువ సాగుతుంది. ఒక ఆటో గుంతలోంచి పోయింది. అద్దంలా ఉన్న బోర్డు ముక్కలై, అలలు సద్దుమణిగేకొద్దీ కింది నుంచి పైకి మళ్లీ అతుక్కుంది.

ఫోన్‌ను చీలమండ ఎత్తుకు దింపి ఫోటో తీస్తే రోడ్డంతా అద్దమైపోయింది. నిలబడి కాళ్ల దగ్గరికి చూస్తే ఉత్త నల్ల తారు. నీళ్ల మీద నిట్టనిలువుగా పడ్డ వెలుగులో వందకు 2 పాళ్లే తిరిగొస్తాయి, బాగా ఏటవాలుగా పడితే చాలా ఎక్కువ. పైగా తడిసిన తారు తనంతట తాను పొడి తారు కంటే నల్లబడుతుంది. పైన నీటి పొర వెలుగును లోపలికి మళ్లీ మళ్లీ కొట్టి తారుకే తినిపిస్తుంది. అందుకే తడి రోడ్డును ఒకే మెరుపుతో నింపకూడదు. కెమెరా దగ్గర నలుపు, సందు లోపలికి పోయేకొద్దీ మెరుపు. ఇది తెలిశాక రోడ్డు కూడా లోతు చూపించే నాలుగో పొర అయింది నాకు.

ఫోటోలు పంపితే తమ్ముడి జవాబు: "అర్థమైంది అన్నా, కానీ ఇంజిన్ల ఇట్ల రావాల్నంటె ఫ్రేమ్‌రేట్ పడిపోతది." అదీ నిజమే. కెమెరాకు కనబడేదాన్నే తిప్పి చూపించే చౌక పద్ధతిలో పందిరి అడుగు భాగం రాదు, తెర మీద లేనిది అది తేలేదు. వెలుగు కిరణాల దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్ పెడితే వస్తుంది, కానీ అది మామూలు ఫోన్‌లకు భారం. కాసేపు వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. బొమ్మలో పెద్ద గుంత ఒక్కటే, మందుల దుకాణం ముందు, ఆ ఒక్క చోటే ఖరీదైన నీడ. మిగతా రోడ్డంతా నిలువు చారలతో నడిపిస్తాం. చెయ్యలేనిది బొమ్మలో గీసి డబ్బు తెచ్చుకుంటే తర్వాత మన ప్రాణమే పోతుంది.

రాత్రి దాన్నే గీశాను. వాన గీతలు చిత్రమంతా గీకలేదు, దీపానికి దగ్గరగా, వెనక చీకటి ఉన్న చోటే. వెలుగున్న గోడ ముందు వాన కనబడదు. నీళ్లలో బోర్డు అక్షరాలు తలకిందులు చేశాను, ఎడమ నుంచి కుడికి వరస మాత్రం అలాగే ఉంచి. నీడలోని తెలుపును అసలు బోర్డు కంటే ఒక మెట్టు తగ్గించాను.

అమ్మ వెనక నిలబడి చూసి, "బిడ్డా, ఇంత వానల ఆ పిల్లకు గొడుగన్నా పెట్టవా?" అన్నది. గొడుగు పెడితే ముఖం మీద పడే నారింజ వెలుగు పోతుంది. కానీ అడిగింది సబబే, రేపు చూసే వాళ్లూ అదే అడుగుతారు. పార్సిల్ మీద కప్పే ప్లాస్టిక్ కవరును తల మీదికి లాగాను. దాని అంచు వెంబడి సన్నటి నారింజ గీత వచ్చింది, ఆకారం వెనక గోడ నుంచి విడిపడింది. బొటనవేలంత చేసి చూసినా పిల్ల, దుకాణం, తోరణం మూడూ తెలుస్తున్నాయి.

ఫైల్ పంపేశాను. తమ్ముడు చూసి ఇంకో నాలుగు బోర్డులు పెట్టమంటున్నడు, సందు బోసిగా ఉందట. పెడితే నీలంవే పెడతా, అవీ ఎడమ గోడకే. ఇంకో నారింజ బోర్డు మాత్రం పెట్టేది లేదు.