రబ్బరు బ్యాండు గీసిన నల్ల చార

విజయవాడలో వానాకాలం మొదలయ్యాక బీరువాలోంచి వెండి పట్టీలు తీస్తే జత మొత్తం లేత పసుపు రంగుకు తిరిగి ఉంది. ఒక్కచోట మాత్రం కాటుకతో గీసినట్టు నల్ల చార. జత చెదరకుండా ఉండాలని నేను చుట్టిన రబ్బరు బ్యాండు సరిగ్గా అక్కడే ఉంది. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. అది కొద్దికొద్దిగా బయటికి వస్తుంది, తగిలిన చోట వెండిని నల్లగా మారుస్తుంది. వెండి నల్లబడటమంటే తుప్పు కాదు, మురికీ కాదు. గంధకంతో కలిసి పైపొర సిల్వర్ సల్ఫైడుగా మారడం. గాలిలో తేమ ఉంటే ఆ పని తొందరగా జరుగుతుంది. పట్టీలు గట్టిగా ఉండాలని వెండిలో కలిపే రాగి కూడా రంగు మారుతుంది. అందుకే రాగి ఎక్కువున్న పట్టీ, మేలిమి వెండి గిన్నె కంటే ముందే మాసిపోతుంది.

రంగు చూసి పొర ఎంత మందంగా ఉందో చెప్పొచ్చు. ముందు లేత పసుపు, తరవాత గోధుమ రంగు, నీలం, చివరికి నలుపు. పసుపు దశలో దొరికితే మెత్తటి నూలుగుడ్డతో రుద్దితే చాలు. నా జతలో ఆ చార తప్ప మిగతాదంతా గుడ్డకే పోయింది.

చారకు మాత్రం అల్యూమినియం రేకు పద్ధతి వాడాను. వేడి తట్టుకునే గాజు గిన్నె అడుగున వంటింటి రేకు పరిచి, పట్టీలు రేకుకు తగిలేలా పెట్టి, ఒక పెద్ద చెంచా వంటసోడా చల్లి, పొంగు వచ్చిన నీళ్లు అర లీటరు పోయాలి. రేకుకు తగలని గొలుసు ముక్క అలాగే నల్లగా మిగిలిపోతుంది కాబట్టి మధ్యలో ఒకసారి తిప్పాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతోందన్నమాట, గంధకం వెండిని వదిలి పోతోంది. కిటికీ తీసి ఉంచండి. మూడు నాలుగు నిమిషాలకు తీసి మంచినీళ్లతో కడగాలి. ఇందులో ఉన్న మేలు ఏమిటంటే, నల్లబడిన వెండే తిరిగి వెండి అవుతుంది. టూత్‌పేస్టు, విభూతి, కంసాలి దగ్గర మెరుగు పెట్టించడం, ఇవన్నీ పొరను గీకి తీసేవి. ప్రతిసారీ కాస్త తరుగు తప్పదు, పలుచటి మువ్వల మీదైతే అది కంటికే కనిపిస్తుంది. రాళ్లు, మీనా పని, జిగురు అతుకు ఉన్నవాటికి మాత్రం ఈ వేడినీళ్లు వద్దు.

కడిగాక ఆరబెట్టడంలోనే చాలామంది తొందరపడతారు. నేనూ మొదట అదే చేశాను. పైకి పొడిగానే ఉన్నా, మువ్వ చీలికలోంచి లోపలికి వెళ్లిన నీరు అంత తేలిగ్గా బయటికి రాదు. ఆ పట్టీని జిప్ కవర్లో వేసి మూస్తే తేమను లోపల బంధించినట్టే. ఇప్పుడు పట్టీని చెవి దగ్గర పెట్టి ఆడిస్తాను. లోపలి గుండు గలగలమనకుండా మొద్దుగా పలికితే నీళ్లున్నట్టే లెక్క. గట్టిగా విదిలించి, నూలుగుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద రాత్రంతా వదిలేస్తాను.

ఇక దాచడం. కొట్టులో చుట్టి ఇచ్చే గులాబీ రంగు కాగితం ఇంటికి తెచ్చేవరకే. తడి తగిలితే రంగు దిగుతుంది. మఖమలు పెట్టె చూడ్డానికి బాగుంటుంది గానీ, కొన్నిటి జిగురులో, రంగులో గంధకం ఉంటుంది, పైగా గాలి ఆడుతూనే ఉంటుంది. నేను చేసేది ఇది. ఒక్కో పట్టీకి ఒక్కో పాలిథీన్ జిప్ కవరు. రెండూ ఒకే కవర్లో ఉంటే మువ్వలు గీసుకుంటాయి, కొక్కేలు చిక్కుపడతాయి. కవర్ని చదునుగా నొక్కి గాలి తీసేసి మూస్తాను. జిగటగా ఉండి వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. ఈ కవర్లన్నీ మూత బిగువైన ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అందులో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. నారింజ రంగు గింజలవి తీసుకుంటే మేలు, తేమ పీల్చి నిండాక ఆకుపచ్చగా మారి గుర్తు చేస్తాయి. సుద్దముక్క కూడా తేమ పీలుస్తుంది గానీ అది తక్కువే, ఎప్పుడు నిండిందో తెలియదు. గంధకాన్ని పట్టే యాంటీ టార్నిష్ కాగితం ముక్క ఒకటి కవర్లో వేస్తే ఇంకా మంచిది. తేమ పీల్చడం దాని పని కాదు కాబట్టి రెండూ కావాలి.

రోజూ వేసుకునే పట్టీలు దాచినవాటి కంటే తక్కువ నల్లబడతాయి, నడకలో రాపిడికి పొర పోతూ ఉంటుంది. వాటికి ఇబ్బంది ఇరుకు సందుల్లోనే. పాదాలకు రాసే పసుపు, నూనె, సబ్బు జిడ్డు కొక్కెం దగ్గర, మువ్వల మొదట్లో పేరుకుని చెమటను పట్టి ఉంచుతాయి. వారానికోసారి పలుచటి కుంకుడు రసంలో పాత మెత్తటి బ్రష్షుతో కడిగితే సరిపోతుంది. బాత్రూం కడిగేటప్పుడు తీసి పెట్టండి, బ్లీచింగ్ నీళ్లు తగిలితే వచ్చే మచ్చ వేరు, అది రేకుతో అంత తేలిగ్గా పోదు. గంధకం కలిసిన చర్మపు మలాములు వాడేవాళ్లూ అంతే. దీపావళి రాత్రి కూడా పట్టీలు ఇంట్లో ఉండటమే మంచిది: మందుగుండు కాలాక మిగిలే బూడిదలో పొటాషియం సల్ఫైడు ఉంటుంది. కంసాలి వెండికి కావాలని నల్లరంగు ఎక్కించడానికి వాడేది కూడా ఆ జాతి మందే.

ఆక్సిడైజ్డ్ నగల సంగతి ఇక్కడే తిరగబడుతుంది. వాటి అందమే ఆ నలుపు. చెక్కుడు గాడుల్లో నలుపు, ఎత్తులో తెలుపు ఉంటేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది. రేకు, సోడా నీళ్లలో వేస్తే అయిదు నిమిషాల్లో సాదా తెల్ల బిళ్ల చేతికొస్తుంది. కాబట్టి వీటిని నీళ్లలో ముంచను. వేసుకుని తీశాక పొడి గుడ్డతో చర్మం తగిలిన వెనకవైపు చెమట తుడిచి, గాడుల్లో దుమ్ము పొడి బ్రష్షుతో తీస్తాను. సెంటు, పౌడరు ముందు, నగ ఆఖర్న. పట్టీలతో కలిపి ఎప్పుడూ పెట్టను: రాపిడికి వీటి నలుపు పోతుంది, వాటికి అంటుకుంటుంది.

ఇంకొకటి, ఆక్సిడైజ్డ్ పేరుతో దొరికేవాటిలో చాలావాటికి అసలు వెండే ఉండదు. జర్మన్ సిల్వర్ అంటే రాగి, జింకు, నికెలు. 925 ముద్ర లేని తేలికపాటి జుంకాలను వెండిగా లెక్కవేయకండి. వీటికి వచ్చే జబ్బు నలుపు కాదు, రాగి మీద చెమట ఉప్పు వల్ల వచ్చే ఆకుపచ్చ చిలుము. చెవి వెనక తగిలే భాగానికి రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేసి పూర్తిగా ఆరనిస్తే కొన్ని వారాలు కాపాడుతుంది, అరిగాక మళ్లీ వేయాలి. నికెలు పడక చెవి దురద పెట్టేవాళ్లు మాత్రం ఈ పూతను నమ్ముకోకూడదు. వెండి పట్టీలకు ఈ పూత వేయను, రాపిడికి అక్కడక్కడా లేచిపోయి, లేచిన చోటే నల్లబడి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.