తొంభై సెకన్లలో నా గురించి: ఒక క్యూసీ కెమిస్ట్ వాక్‌ఇన్ అనుభవం

విశాఖలో ఫార్మా కంపెనీల వాక్‌ఇన్ ఇంటర్వ్యూలు ఎక్కువగా ఆదివారమే పెడతారు. పనిచేసేవాళ్లకి సెలవు దొరికేది ఆ రోజే కదా. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక హోటల్ హాలు, బయట మెట్ల దాకా ఫైళ్లు పట్టుకున్న జనం, లోపల రెండు మూడు టేబుళ్లు. ఒక్కో మనిషికి దొరికేది కొద్ది నిమిషాలు. నా రెజ్యూమే ముందుగా ఎవరూ చదివి ఉండరు. నేను కుర్చీలో కూర్చున్నాకే దాన్ని చేతిలోకి తీసుకుంటారు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అని అడగడానికి సగం కారణం అదే. మనం మాట్లాడుతుంటే వాళ్లు కాగితం తిరగేస్తూ ఉంటారు. ఈ సంగతి మా లాబ్‌లో ఇంటర్వ్యూలు తీసుకునే సీనియర్ ఒకాయన చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు: “నువ్వు ఏం చెప్పి ఆపితే, నేను అక్కడినించే అడుగుతాను. కొత్తగా ప్రశ్న ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?”

నా తయారీ అంతా ఆ మాట మీదే నడిచింది. ఆ తొంభై సెకన్లూ నా గొప్పలు చెప్పుకోవడానికి కావు, తర్వాత రాబోయే ప్రశ్నని నేనే ఎంచుకోవడానికి.

కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో నేర్పిన పాఠం ఒకటి ఉంది. ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలై, ఊరు, నాన్నగారి ఉద్యోగం, అమ్మ గృహిణి, ఒక చెల్లి, నా బలాలు, నా హాబీలు అంటూ సాగుతుంది. మా అక్క ముందు అది చెప్పి చూపిస్తే, “ఏట్రా, రేషన్ కార్డు చదువుతున్నట్టుంది” అంది. నవ్వొచ్చినా మాట నిజమే. అందులో ఏ వాక్యం దగ్గర ఆపినా, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగం హెడ్‌కి అడగడానికి ఏమీ దొరకదు. ఫ్రెషర్‌కి అది కొంత నడుస్తుందేమో గానీ, రెండేళ్లు లాబ్‌లో నిలబడినవాడికి పనికిరాదు.

ముందు లెక్క చూసుకున్నాను. నేను ఇంగ్లీషులో తడబడకుండా, ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా మాట్లాడితే నిమిషానికి సుమారు 130 మాటలు వస్తున్నాయి. తొంభై సెకన్లకి 195. నేను రాసుకున్నది 180 దగ్గర ఆపాను, ఊపిరి తీసుకోవడానికీ, వాళ్లు తలెత్తి చూసినప్పుడు ఒక్క క్షణం ఆగడానికీ చోటు ఉండాలని. దాన్ని మూడు ముక్కలు చేశాను. ఇప్పుడేం చేస్తున్నానో ఇరవై సెకన్లు, ఇక్కడిదాకా ఎలా వచ్చానో యాభై, ఈ ఉద్యోగానికే ఎందుకు వచ్చానో ఇరవై.

చెప్పింది ఇంగ్లీషులోనే. తెలుగులో పెడితే ఇలా ఉంటుంది. ఇందులో ఏపీఐ అంటే మందులో పనిచేసే అసలు పదార్థం. హెచ్‌పీఎల్‌సీ అంటే శాంపిల్‌లో ఉన్నవాటిని విడదీసి కొలిచే ఇన్‌స్ట్రుమెంట్, ఒక్కో పదార్థం ఒక్కో పీక్‌గా కనపడుతుంది. అస్సే అసలు మందు ఎంతుందో, రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్ మలినాలు ఎంతున్నాయో చెప్తాయి. సిస్టమ్ సూటబిలిటీ అంటే ఆ రన్‌ని నమ్మొచ్చా అని చూసే పరీక్ష. స్టెబిలిటీ అంటే మందు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూడటం.

మొదటి ముక్క: “నేను క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్‌ని. రెండున్నరేళ్లుగా పరవాడ వైపు ఒక ఏపీఐ యూనిట్‌లో పనిచేస్తున్నాను. నా పని ముఖ్యంగా హెచ్‌పీఎల్‌సీ మీద. ఇన్‌ప్రాసెస్, ఫినిష్డ్ శాంపిళ్లకి అస్సే, రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్ చేస్తాను.”

రెండోది: “ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ అవగానే ట్రైనీగా చేరాను. మొదట రా మెటీరియల్ టెస్టింగ్‌లో టైట్రేషన్లు, కార్ల్ ఫిషర్‌తో తేమ చూడటం చేశాను. తర్వాత హెచ్‌పీఎల్‌సీ సెక్షన్‌కి మార్చారు. అక్కడ ఒక ప్రొడక్ట్‌లో రెండు పీక్‌లు సరిగా విడిపోక సిస్టమ్ సూటబిలిటీ అప్పుడప్పుడు ఫెయిల్ అయ్యేది. అందరం కాలమ్ పాడైందనుకున్నాం. నేను పాత రన్‌ల రికార్డులు పక్కపక్కన పెట్టి చూశాను. ఫెయిలైన రోజుల్లో మొబైల్ ఫేజ్ తయారుచేసేటప్పుడు అసిటోనైట్రైల్ కలిపాక పీహెచ్ సర్దారు. పాసైన రోజుల్లో బఫర్‌కే ముందు సర్దారు. సూపర్‌వైజర్‌కి చూపించాను. మెథడ్‌లో ఆ స్టెప్‌ని స్పష్టంగా రాయించారు. ఆ ఫెయిల్యూర్ మళ్లీ రాలేదు.”

మూడోది: “మా యూనిట్‌లో స్టెబిలిటీ శాంపిళ్లు చేయరు, వేరే సైట్‌కి పంపుతారు. మీ ప్రకటనలో స్టెబిలిటీ సెక్షన్‌కి హెచ్‌పీఎల్‌సీ తెలిసినవాళ్లు కావాలని ఉంది. ఆ పని కోసం వచ్చాను.”

అక్కడితో ఆపేయాలి. ‘దట్స్ ఆల్ అబౌట్ మీ సర్’ అని తోక తగిలించక్కర్లేదు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. చివరి మాట అయ్యాక వచ్చే నిశ్శబ్దంలో నోరు తనంతట తనే ఇంకేదో వెతుక్కుంటుంది, చాలామంది హాబీలు ఆ ఖాళీలోంచే బయటికొస్తాయి.

మొదటి ముక్కలోనే హోదా, అనుభవం, ఇన్‌స్ట్రుమెంట్, టెస్టుల పేర్లు అన్నీ ఎందుకు పెట్టానంటే, చాలామందిని మధ్యలోనే ఆపేస్తారు. ఇరవై సెకన్లకే ఆపినా వాళ్లకి కావలసినది అందిపోవాలి. చదువుతో మొదలుపెడితే ఆపే సమయానికి ఇంకా డిగ్రీ దగ్గరే ఉంటాం. పైగా రెజ్యూమేలో కూడా పైన ఉండేది ప్రస్తుత ఉద్యోగమే కాబట్టి, వాళ్ల కళ్లూ నా మాటా ఒకే చోట ఉంటాయి.

రాసుకున్నది ఒకలా ఉంటుంది, నోటికి వచ్చేది ఇంకోలా ఉంటుంది. మా రూమ్ గాజువాకలో. ముగ్గురం ఉంటాం, ఎప్పుడూ ఒకడు రాత్రి సీ షిఫ్ట్ చేసొచ్చి పడుకునే ఉంటాడు. అందుకని మేడ మీదకెళ్లి, ఫోన్‌లో రికార్డ్ పెట్టుకుని చెప్పేవాణ్ణి. వింటే తెలిసేది ఎక్కడ తప్పుతోందో. ‘విచ్’, ‘దట్’ తగిలించి పొడుగ్గా కట్టిన వాక్యాలన్నీ సగంలో కూలిపోతున్నాయి. వాటిని రెండేసి వాక్యాలు చేశాను. తొందర ఎక్కడ మొదలవుతోందో కూడా వినపడుతుంది. వాక్యం చివరి మాట మింగేస్తుంటే ఊపిరి చాలలేదని అర్థం. తొంభై సెకన్ల స్క్రిప్టు అరవై చిల్లరలో అయిపోతే సమయం మిగిలిందని సంబరపడకూడదు. టెన్షన్‌లో పరిగెత్తామన్నమాట, వినేవాడికి మధ్య ముక్కలో పీహెచ్ సంగతి అందదు. ‘ఆక్చువల్లీ’ అనేది నాకు ప్రతి ముక్క మొదట్లో వచ్చేది. దాని బదులు నోరు మూసుకుని ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇంకొకటి, మాట మాటా బట్టీ పట్టడం. బట్టీ పట్టినవాడు ఇట్టే దొరికిపోతాడు. కళ్లు పైకి, సీలింగ్ వైపు వెళ్తాయి, గొంతు ఒకే ఎత్తులో నడుస్తుంది, ఒక్క మాట జారితే మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే. నేను మొత్తం స్క్రిప్టు పక్కన పెట్టేసి ఒక చీటీ మీద ఐదు మాటలు మాత్రం ఉంచుకున్నాను: హెచ్‌పీఎల్‌సీ, రా మెటీరియల్, పీక్‌లు, పీహెచ్, స్టెబిలిటీ. వీటి వరస మారకూడదు. మధ్యలో వాక్యాలు ప్రతిసారీ కొంచెం తేడాగా వచ్చినా ఫరవాలేదు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం అక్షరం మారకుండా ఉంచుకున్నాను, టెన్షన్ ఎక్కువగా ఉండేది ఆ రెండు చోట్లే కాబట్టి.

ఇంకో పరీక్ష కూడా పెట్టుకున్నాను. స్క్రిప్టులో ఉన్న ప్రతి వాక్యం మీదా రెండు ప్రశ్నలు లోతుకి వెళ్లినా జవాబు ఉండాలి, లేకపోతే ఆ వాక్యం తీసేయాలి. అలా పోయిందే జీసీ, అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ. దాని మీద కొన్నాళ్లు పక్కన నిలబడి చూశాను గానీ, హెడ్‌స్పేస్ సెట్టింగ్స్ గురించి అడిగితే నిలబడలేను. రెజ్యూమేలో ‘బేసిక్ ఎక్స్‌పోజర్’ అని ఉంది, అది చాలు. నోటితో ఎత్తుకోలేదు. మా కంపెనీ ప్రొడక్ట్ పేరు కూడా స్క్రిప్టులో లేదు. అడిగితే ఏ జబ్బుకి వాడే రకమో చెప్పి, పేరు చెప్పకూడదని మర్యాదగా అనాలని అనుకున్నాను. పేరు గడగడా చెప్పేసేవాణ్ణి చూస్తే, రేపు మన సంగతులూ ఇలాగే చెప్తాడని అనుకోరా మరి!

ఆ రోజు టేబుల్ అవతల ఇద్దరున్నారు. ప్రశ్న అడిగింది హెచ్‌ఆర్ మేడమ్. పక్కనున్నాయన తలవంచి నా కాగితాలు చూస్తున్నారు. నేను మేడమ్ వైపే చూస్తూ మొదలుపెట్టి, టెస్టుల పేర్లు వచ్చేసరికి ఆయన వైపు తిరిగాను. రా మెటీరియల్ దాకా తల ఎత్తలేదు. ‘అసిటోనైట్రైల్ కలిపాక’ అనగానే ఎత్తారు. అప్పుడు కొంచెం నెమ్మదించాను. చివరి వాక్యం అయ్యాక ఆగాను. ఆయన తెలుగులోనే అడిగారు: “కలిపాక సర్దితే ఏమవుతుంది బాబూ? మీటర్ పీహెచ్ చూపిస్తుంది కదా.”

“చూపిస్తుంది సార్, కానీ మీటర్‌ని మనం నీళ్ల బఫర్లతో క్యాలిబ్రేట్ చేస్తాం. ఆర్గానిక్ కలిసినదాంట్లో ఆ రీడింగ్ నమ్మలేం. మాది ఫాస్ఫేట్ బఫర్. అసిటోనైట్రైల్ కలిపాక మీటర్ మీద పీహెచ్ పెరిగినట్టు కనపడుతుంది. దాన్ని 3.0కి దించడానికి ఇంకా ఆసిడ్ వేస్తాం. అప్పుడది మెథడ్‌లో ఉన్న మొబైల్ ఫేజ్ కాకుండా పోతుంది. మా ఇంప్యూరిటీల్లో ఒకదాని పీకేఏ ఆ దగ్గర్లోనే ఉంది సార్, కొంచెం తేడా వచ్చినా పీక్ జరుగుతుంది.”

“మరి ఫెయిలైన రోజుల్లో ఓఓఎస్ వేశారా?” శాంపిల్ రిజల్ట్ హద్దులు దాటితే రాసేదాన్నే ఓఓఎస్ అంటాం.

“లేదు సార్. సూటబిలిటీనే ఫెయిలైంది కాబట్టి ఆ రన్‌లో శాంపిల్ రిజల్ట్‌ని లెక్కలోకి తీసుకోం. లాబ్ ఇన్సిడెంట్‌గా రాశాం.”

ఈ రెండింటికీ మేడ మీద జవాబులు చెప్పుకునే ఉన్నాను. మూడోది మాత్రం నేను ఊహించనిది: ఆ మార్పు తర్వాత కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ ఎలా రికార్డ్ చేశారని. మా దగ్గర జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను, సైన్ చేయించి రీడింగ్ ట్రైనింగ్ ఇచ్చారని. ఆయన ఏదో రాసుకున్నారు. జీతం, నోటీస్ పీరియడ్ మేడమ్ అడిగారు. ఈ రెండూ స్క్రిప్టులోకి రానివ్వకపోవడం మంచిదే అనిపించింది, లేకపోతే పీహెచ్ దాకా వెళ్లకముందే మాట వాటి మీదకి మళ్లేది.

రెండో రౌండ్‌కి సైట్‌కి రమ్మన్నారు. అక్కడ కూర్చున్నది క్వాలిటీ అష్యూరెన్స్ ఆయన. క్రొమటోగ్రఫీ కంటే రికార్డుల మీద ఆయనకి ఆసక్తి ఎక్కువని ముందే విన్నాను. మొదటి ముక్క, చివరి ముక్క అలాగే ఉంచి, మధ్యలో పీక్‌ల సంగతి ఒక్క వాక్యానికి కుదించాను. పాత రన్‌లని ఎలా పోల్చానో, ఏ లాగ్‌బుక్‌లో ఏం దొరికిందో దానికి ఎక్కువ సెకన్లు ఇచ్చాను. ఆయన మొదటి ప్రశ్న లాగ్‌బుక్ మీదే వచ్చింది.