5కు 5 కలిపితే 55: కడపలో నా వీడియోల ప్రచారం

ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పే ఒక బూట్‌క్యాంప్‌కు కడప, అనంతపురం వైపు ప్రచారం చేసే పని ఒప్పుకున్నాను. చిన్న వీడియోల్లో పైథాన్ పాఠం చెప్పి, చూసినవాళ్లను కోర్సు వైపు తిప్పాలి. గొంతు రికార్డు చేయడం, కాలేజీల్లో అనుమతులు తీసుకోవడం సులువుగానే జరిగిపోయాయి. నన్ను ఏడిపించింది మా ఆఫీసు పంపిన మూస. ప్రతి వీడియోలోనూ మొదట సంస్థ లోగో తిరగాలి, అడుగున ‘నూరు శాతం ఉద్యోగం’ అన్న పసుపు పట్టీ ఉండాలి. వద్దని చెప్పినా వినలేదు.

కడపలో ఒక డిగ్రీ కాలేజీ చివరి సంవత్సరం పిల్లలకు ఈ పాఠం చూపించాను:

```python
a = input()
b = input()
print(a + b)
```

రెండుసార్లూ 5 కొడితే 10 రావాలి కదా, 55 వస్తుంది. `input()` ఏది తీసుకున్నా అక్షరాలుగానే తీసుకుంటుంది కాబట్టి రెండు ఐదులూ పక్కపక్కన అతుక్కుంటాయి. రెండు చోట్లా `int(input())` అని రాస్తే అంకెలై కూడుతుంది. అందరూ ఫోన్లలో తెరిచారు. ముందు వరుసలోని అమ్మాయి, "సార్, జవాబు ఎక్కడ వచ్చింది?" అంది. 55 పసుపు పట్టీ వెనక దాక్కుంది! అది చాలదన్నట్టు వెనక నుంచి ఒకబ్బాయి, "నూరు శాతం ఉద్యోగమని రాసిస్తారా సార్?" అన్నాడు. హాలంతా నవ్వింది. లెక్చరర్ గారూ నవ్వారు. ఆ పట్టీ రాసినవాళ్లు మాత్రం ఏసీ గదిలో హాయిగా కూర్చున్నారు.

ఆ రాత్రే ఆఫీసుకు ఘాటుగా రాశాను. కోచింగ్ ప్రకటనల్లో ఉద్యోగం ఖాయమని చెప్పకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అది చూపించాక పట్టీ పోయింది. లోగో తీయించడానికి యూట్యూబ్ స్టూడియోలోని గ్రాఫు పనికొచ్చింది. ఏ సెకనులో ఎంతమంది వెళ్లిపోయారో అందులో కనిపిస్తుంది. మా గీత లోగో తిరుగుతుండగానే పాతాళానికి దిగింది. మా వాళ్లు వ్యూస్ తప్ప మరేదీ చూడరు.

కొత్త వీడియోను 55తోనే మొదలుపెట్టాను. షార్ట్స్‌లో కుడివైపు లైకు, కామెంటు బొత్తాలు, అడుగున శీర్షిక ఉంటాయి గనుక కోడును నాలుగు వరుసలు మించకుండా, పెద్ద అక్షరాలతో కాస్త పైకి పెట్టాను. విడుదలకు ముందు ప్రైవేటుగా ఎక్కించి, పాత ఫోనులో, ఎండలో నిలబడి చూశాను. కంప్యూటర్ తెర మీద అన్నీ అందంగానే కనిపిస్తాయి, దాన్ని నమ్మకండి.

ఇక కామెంట్లలో ‘ఎలా చేరాలి?’ అన్న ప్రశ్నలు మొదలయ్యాయి. షార్ట్స్ వివరణలో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ ఆపేసింది. అందుకే ఫీజు, సిలబస్ దాచకుండా చెప్పే పొడవాటి వీడియో ఒకటి చేసి, ‘సంబంధిత వీడియో’గా షార్ట్‌కు తగిలించాను. చేరే లింకు దాని వివరణలో ఉంది. ఫీజు విని వెనక్కి వెళ్లేవాళ్లు అక్కడే వెళ్లిపోతారు, ఫోన్లలో నా ప్రాణం తీయరు.

నిన్న ఆఫీసు నుంచి మళ్లీ సందేశం వచ్చింది: లోగోను కనీసం చివర్లోనైనా పెట్టమని. ఇంకా జవాబివ్వలేదు.