మంత్రి చేతిలో ఉండి కూడా మళ్ళీ డ్రా: చివరి గడి బంటుతో మూడో వారం

నిన్న రాత్రి మళ్ళీ అదే జరిగింది. నా దగ్గర రాజు, మంత్రి. మేనల్లుడి దగ్గర రాజు, ఒక్క బంటు. నా గడియారంలో ఇంకా ఆరు నిమిషాలుంది. నేను హాయిగా నా రాజును ఒక గడి ముందుకు జరిపాను. వాడు బోర్డు వైపు కాసేపు చూసి, "మామయ్యా, ఇప్పుడు నేనేం ఆడాలి? నాకు ఎత్తే లేదు" అన్నాడు. స్టేల్‌మేట్. సగం పాయింటు. మూడు వారాల్లో ఇది తొమ్మిదోసారి.

ఇదే పద్ధతి d బంటు మీద నాలుగు ఆటలు ఆడితే నాలుగూ గెలిచాను. ఆ బంటుతో ఇబ్బంది లేదు. గొడవంతా a బంటుతోనే, అది కూడా a2 దాకా వచ్చి, ఇంకొక్క అడుగులో మంత్రి అయ్యే స్థితిలో ఉన్నప్పుడు. ఆ స్థితిని ఇక్కడ పెడుతున్నాను. lichess.org బోర్డు ఎడిటర్‌లో అతికించి చూడండి:

```
8/8/6K1/8/4Q3/8/pk6/8 w - - 0 1

1. Qb4+ Kc1
2. Qa3+ Kb1
3. Qb3+ Ka1
4. Kf5  (స్టేల్‌మేట్)
```

నా ఆలోచన ఇదీ. వరసగా చెక్‌లు ఇస్తూ నల్లరాజును తన బంటుకు ఎదురుగా నిలబెట్టాలి. రాజే దారికి అడ్డంగా ఉంటే బంటు కదలలేదు. ఆ ఒక్క ఎత్తు ఖాళీలో నా రాజు ఒక గడి దగ్గరికి వస్తాడు. ఇలా నాలుగైదు సార్లు చేస్తే రాజు, మంత్రి కలిసి పని ముగిస్తాయి. d బంటుతో సరిగ్గా ఇలాగే అయ్యింది, ఎందుకంటే నల్లరాజు d1లో ఉన్నా పక్కకు జరగడానికి c1, e1 వైపులున్నాయి. a1లో అలా కాదు. అది మూల. ఎదురుగా సొంత బంటు, మిగిలిన b1, b2 రెండింటినీ b3లో ఉన్న నా మంత్రి కాస్తోంది. నల్లరాజు మీద దాడి లేదు, కదలడానికి చోటూ లేదు. నేను రాజును జరిపిన క్షణంలో ఆట అక్కడే ఆగిపోతుంది.

మొదట తప్పు మంత్రిదే అనుకున్నాను. b3 బదులు b4లో పెట్టి చూశాను, అదే ఫలితం. చెక్‌ల వరస మార్చాను, మారలేదు. చివరికి ఆ సైట్‌లోని టేబుల్‌బేస్ చూస్తే అసలు విషయం తెలిసింది: నా రాజు g6 అంత దూరంలో ఉంటే ఇది డ్రానే, ఎవరాడినా. ఏడు పావుల వరకు ఉన్న ప్రతి స్థితికీ అక్కడ ఖచ్చితమైన జవాబు దొరుకుతుంది. ఎండ్‌గేమ్ నేర్చుకోవడానికి ఇంజన్ చూపించే అంకెల కంటే ఇదే నయం అని నా అభిప్రాయం. ఇంజన్ ప్లస్ ఎనిమిది అంటుంది, మనం నమ్మేస్తాం. టేబుల్‌బేస్ గెలుపో డ్రానో తేల్చి చెప్పేస్తుంది.

అయితే రాజు దగ్గరుంటే? c4 దగ్గర పెట్టాను. మంత్రి b3, నల్లరాజు a1, బంటు a2. ఎత్తు నాది. ఇక్కడ రాజును ఎటు జరిపినా మళ్ళీ స్టేల్‌మేటే. మొదటి రెండుసార్లు నేను రాజునే జరిపాను. మూడోసారి చేయి ఆపుకుని మంత్రిని వెనక్కి లాగాను:

```
8/8/8/8/2K5/1Q6/p7/k7 w - - 0 1

1. Qd1+ Kb2
2. Qd2+ Ka1
3. Kb3  Kb1
4. Qd1#
```

మూడో ఎత్తు చూడండి. రాజు b3కి వచ్చాడు, కానీ b1 గడిని ఎవరూ కాయడం లేదు. నల్లరాజుకు వెళ్ళడానికి ఆ ఒక్క చోటే మిగిలింది, అక్కడికే వెళ్ళాడు. మరుసటి ఎత్తులో d1 నుంచి మంత్రి చెక్ ఇస్తే ఇక దారి లేదు. (రెండో ఎత్తు తర్వాత నల్లరాజు a1 బదులు b1కి వెళ్ళినా Kb3 పనిచేస్తుంది. బంటు మంత్రి అయితే Qc2తో మేట్.) అంటే మూడు వారాలుగా నేను మూయకూడని గడిని మూస్తూ వచ్చాను.

ఎందుకిలా అయ్యింది అనుకుంటే ఆ మాట దగ్గరికే వచ్చాను. చెక్‌మేట్ అంటే "రాజు చనిపోయాడు" అని చిన్నప్పటి నుంచి విన్నాను. పారశీకంలో షాహ్ అంటే రాజు, అరబీలో మాత అంటే చనిపోయాడు, రెండూ కలిపి అలా చెప్పేస్తారు. కానీ ఆ మాట పారశీకం నుంచే వచ్చింది, అక్కడ 'మాత్' అంటే చావు కాదు. దిక్కుతోచని స్థితి, చేష్టలుడిగి నిలబడిపోవడం. షాహ్ మాత్ అంటే రాజుకు దారి లేదని. అరబీ వాళ్ళ చెవికి అది తమ 'మాత'లా వినిపించి చావు అర్థం అతుక్కుంది. అక్కడి నుంచి పాత ఫ్రెంచి, తర్వాత ఇంగ్లీషు. చదరంగంలో రాజును ఎవరూ తీసేయరు కదా, పావు బోర్డు మీదే ఉంటుంది. పారశీక అర్థమే ఆటకు సరిపోతుంది. మన 'ఆటకట్టు' కూడా అంతే, కట్టేయడమే, చంపడం కాదు. ఇంకో విషయం: బ్యాంకులో రాసే చెక్కు కూడా ఇదే షాహ్ నుంచి వచ్చిన మాట.

నాకు ఇందులో పనికొచ్చింది ఇది. మేట్‌లోనూ స్టేల్‌మేట్‌లోనూ రాజుకు కదిలే దారి లేదు. తేడా దాడి ఒక్కటే. పాత ఫ్రెంచిలో 'ఎస్టాల్' అంటే నిలిచిపోయిన చోటు, స్టేల్ అక్కడిదే. షాహ్ అని పిలవకుండా దారులన్నీ మూసేస్తే అది మాత్ కాదు, నిలిచిపోవడమే. అందుకే ఇప్పుడు ప్రతి ఎత్తుకు ముందు "వాడికి ఇంకొక ఎత్తుందా?" అని పైకే అంటున్నాను. మేనల్లుడికి చిరాకు, కానీ ఈ రోజు ఆ c4 స్థితిలో ఆరింటికి ఆరు గెలిచాను. (ఇంగ్లండులో పదిహేడో శతాబ్దం నుంచి 1800ల తొలి రోజుల దాకా స్టేల్‌మేట్ చేసినవాడే ఓడినట్టు లెక్క. ఆ నియమం ఉంటే నా పాయింట్లు ఇంకా దారుణం.)

సామాన్ల సంగతి: చెక్క సెట్ పక్కన పెట్టేశాను. గళ్ళు ఐదున్నర సెంటీమీటర్లున్న వినైల్ బోర్డు, అడుగున బరువు నింపిన ప్లాస్టిక్ పావులు. ఎండ్‌గేమ్ వందసార్లు పేర్చి తీయాలంటే అదే మేలు, చుట్టి సంచిలో పెట్టేయొచ్చు.

ఇక c బంటు మిగిలింది. c2లో బంటు, నల్లరాజు మూలకు a1కి జారుకుంటాడు. మంత్రితో బంటును తీసేస్తే అది కూడా స్టేల్‌మేటే, చూశాను. ఏ గడిలో నా రాజు ఉంటే గెలుపో ఒక్కో గడీ మార్చి టేబుల్‌బేస్‌తో సరిచూస్తూ కాగితం మీద మ్యాప్ గీస్తున్నాను. పదకొండు గళ్ళు అయ్యాయి.

అది పూర్తయ్యాక కింగ్స్ గాంబిట్ మొదలుపెడతాం. 1.e4 e5 2.f4, బంటును ఎరగా పెట్టడం. గాంబిట్ ఇటాలియన్ మాట, గాంబా అంటే కాలు; కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడేయడం. స్పెయిన్ పూజారి రూయ్ లోపెజ్ 1561లో తన చదరంగం పుస్తకంలో వాడాడు. మేనల్లుడు నల్లపావులతో ఆ బంటు తీసుకుని దాన్ని వదలకుండా పట్టుకుంటానంటున్నాడు. శనివారం సాయంత్రం, పదిహేను నిమిషాల గడియారంతో.