యాంటాసిడ్ మాత్రలో కార్బొనేట్: బ్యాక్ టైట్రేషన్‌తో నా అనుభవం

ఏపీపీజీసెట్ రసాయన శాస్త్రానికి చదువుతున్న మిత్రులకు, బ్యాక్ టైట్రేషన్ లెక్కలు నాకు నిజంగా ఎప్పుడు అర్థమయ్యాయో చెప్పదలచుకున్నాను. మాది కనిగిరి వైపు పల్లె. ఒంగోలులో డిగ్రీ చదివేటప్పుడు యాంటాసిడ్ మాత్రలో కాల్షియం కార్బొనేట్ ఎంత ఉందో తేల్చే ప్రయోగం చేశాను. సూత్రం నోటికి వచ్చినా, జవాబు మూడుసార్లు మూడు రకాలుగా వచ్చింది.

నేరుగా టైట్రేషన్ చేయకపోవడానికి కారణం ఉంది. కాల్షియం కార్బొనేట్ నీటిలో దాదాపు కరగదు, ఆమ్లంతో నెమ్మదిగా చర్య జరుపుతుంది. కాబట్టి ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వేస్తూ పోతే రంగు మారినట్టే మారి, మిగిలిన పొడి కరిగేకొద్దీ మళ్ళీ వెనక్కి పోతుంది. అందుకే తెలిసిన పరిమాణంలో ఆమ్లాన్ని ముందే ఎక్కువగా పోసి, కార్బొనేట్ అంతా కరిగాక, మిగిలిన ఆమ్లాన్ని ప్రామాణిక సోడియం హైడ్రాక్సైడ్‌తో కొలుస్తాము.

CaCO₃ + 2HCl → CaCl₂ + H₂O + CO₂

మాత్ర బరువు 1.300 గ్రాములు, పెట్టెపై రాసినది 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్. మాత్రను నూరి, అందులో 0.390 గ్రాముల పొడిని తూచి, 0.1 M హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు, అంటే 5.00 మిల్లీమోల్‌లు పోశాను. 0.1 M క్షారం 20.30 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి. అప్పుడు మిగిలిన ఆమ్లం 2.03, ఖర్చయినది 2.97, అందులో సగం 1.485 మిల్లీమోల్‌లు కార్బొనేట్. అణుభారం 100తో గుణిస్తే 148.5 మిల్లీగ్రాములు, మొత్తం మాత్రకు 495. ఆ 'సగం' మరచిపోతే 990 వస్తుంది. పెట్టెపై రాసినదానికి దాదాపు రెట్టింపు కనబడితే ముందు అనుమానించవలసినది దీనినే.

అయితే మొదటిసారి నాకు పట్టినది 20.30 కాదు, 21.50. లెక్క వేస్తే 475 మిల్లీగ్రాములే తేలింది. పైగా ఫినాఫ్తలీన్‌తో వచ్చిన గులాబీ రంగు అర నిమిషం కూడా నిలవక వెలిసిపోయేది. కారణం, చర్యలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంత ద్రావణంలోనే ఉండిపోవడం. ఫినాఫ్తలీన్ రంగు మారే చోటికి చేరేలోపు అదీ క్షారాన్ని తింటుంది. క్షారం ఎక్కువ పడితే ఆమ్లం ఎక్కువ మిగిలినట్టు కనబడుతుంది, కార్బొనేట్ తగ్గినట్టు తేలుతుంది. పరీక్షలో 'మరిగించకపోతే ఫలితం ఏ వైపు తప్పుతుంది' అని అడిగితే ఈ వరుసలోనే ఆలోచించండి, గుర్తుపెట్టుకోనక్కరలేదు. మందు సులువే: పైన వాచ్‌గ్లాస్ మూసి కొన్ని నిమిషాలు మెల్లగా మరిగించి, చల్లార్చి, ఆ తరువాతే ఇండికేటర్ వేయాలి. ఇంత పలుచని ఆమ్లం అలా మరిగించినంత మాత్రాన చెప్పుకోదగినంత ఎగిరిపోదు, ఎండిపోయేదాకా ఉంచకూడదు అంతే.

రెండోసారి మరిగించాను, కానీ ఆ రోజు డిస్టిల్డ్ వాటర్ అయిపోయి, పలుచన చేయడానికి 50 మిల్లీలీటర్ల బోరు నీళ్ళు వాడాను. ఈసారి 17.30 మిల్లీలీటర్లకే రంగు వచ్చింది, మాత్రలో 545 మిల్లీగ్రాములు ఉన్నట్టు తేలింది. కంపెనీవాళ్ళు ధారాళంగా వేశారేమో అనుకున్నాను! మా మేడమ్ మాత్ర వేయకుండా అదే ఆమ్లం, అదే నీళ్ళు మరిగించి టైట్రేట్ చేయమన్నారు. 50.00 పట్టవలసిన చోట 47.00 పట్టింది. నీళ్ళలోని బైకార్బొనేట్ 0.30 మిల్లీమోల్‌ల ఆమ్లాన్ని మింగింది, అంటే లీటరుకు కాల్షియం కార్బొనేట్ లెక్కన 300 మిల్లీగ్రాముల క్షారత. మా వైపు నీళ్ళు తాగినవారికి ఇది వింత కాదు. మూడోసారి డిస్టిల్డ్ వాటర్‌తో మరిగించి చేస్తేనే 495 వచ్చింది. ఇటువంటి మాత్రలేని పరీక్షనే బ్లాంక్ అంటారు. ప్రశ్నలో బ్లాంక్ విలువ ఇస్తే 50.00కు బదులు దాని నుంచే తీసివేయాలి: 47.00 నుంచి 17.30 తీస్తే అదే 2.97.

ఇంకొక్క మాట. ఈ పద్ధతి కొలిచేది ఆమ్లాన్ని తటస్థీకరించే మొత్తం శక్తిని, ఒక్క కార్బొనేట్‌ను కాదు. మాత్రలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కూడా ఉంటే అదీ మోల్‌కు రెండు మోల్‌ల ఆమ్లాన్నే తీసుకుంటుంది, ఆమ్లానికి వాటి మధ్య తేడా తెలియదు. అప్పుడు 1.485 మిల్లీమోల్‌లు ఆ రెండింటి మొత్తమే అవుతుంది. కార్బొనేట్‌ను వేరు చేయాలంటే వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా కొలవడం వంటి మరో విలువ ప్రశ్నలో ఉండాలి. అది ఉందో లేదో చూసుకున్నాకే నేను గుణకారం మొదలుపెడతాను.