చిన్నాడి చేతి పట్టీ మీద ఎవరి నంబరు?

మైలాపూర్ కపాలీశ్వరుడి గుడిలో పంగుని ఉత్సవాలు జరిగేటప్పుడు ఎనిమిదో రోజుకి ఉండే జనం ఇంకే రోజూ ఉండరు. ఆ రోజు అరుబత్తుమూవర్. నాయన్మార్లనే అరవై ముగ్గురు శివభక్తుల విగ్రహాలను పల్లకీల్లో పెట్టి గుడి చుట్టూ మాడవీధుల్లో ఊరేగిస్తారు. చెన్నైలో ఇన్నేళ్లుగా కాపురం ఉంటున్నా మా అత్తయ్య ఆ ఊరేగింపు చూడలేదు. ఈసారి వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. అత్తయ్య, మా ఆయన, నేను, ఐదేళ్ల చిన్నాడు బయల్దేరాం.

జనంలో తప్పిపోతే పనికొస్తుందని ముందు రోజు రాత్రే వాడి చేతికి కట్టడానికి కాగితం పట్టీ తెచ్చాను. చిరగని రకం, ఆస్పత్రిలో కడతారే, అలాంటిది. దాని మీద రాయడానికి కూర్చున్నాకే అసలు చర్చ మొదలైంది. "నా నంబరు రాసెయ్, వాడికి కంఠతా వచ్చు కూడా" అన్నారు మా ఆయన. కంఠతా వచ్చు కాబట్టే అది వద్దన్నాను. ఆ నంబరు ఎలాగూ వాడి నోట్లో ఉంది. పట్టీ మీద వేరేది ఉంటే వాడి దగ్గర మొత్తం రెండు దారులుంటాయి. పైగా వాడు ఎక్కువసేపు ఉండేది నాన్న భుజాల మీదే. తప్పిపోతే నాన్న దగ్గరే తప్పిపోతాడు. అప్పుడు మొదట కంగారుపడి ఫోన్ చెవికి ఆనించుకునేది కూడా ఆయనే. నాకు చేస్తారు, వాళ్ల అక్కకి చేస్తారు, బావగారికి చేస్తారు. సరిగ్గా ఆ సమయంలో పిల్లాడు దొరికినవాళ్లు చేస్తే ఎంగేజ్ వస్తుంది.

అందుకని ఒక పద్ధతి అనుకున్నాం. పట్టీ మీద పైన నా నంబరు, కింద మందవెళిలో ఉండే మా వదిన నంబరు. వదిన ఊరేగింపుకి రాదు, మోకాళ్ల నొప్పులు. ఇంట్లోనే ఉంటుంది, పక్కనే చార్జర్ ఉంటుంది, చుట్టూ డప్పులుండవు, తమిళం మనకంటే బాగా మాట్లాడుతుంది. ఇక్కడ అదే ముఖ్యం. ఫోన్ చేసేది ఎవరో తమిళ పెద్దావిడ అయితే నేను తడబడుతూ "ఎక్కడ, ఎక్కడ" అనేలోపు సిగ్నల్ పోతుంది. పైన నాదే ఎందుకంటే జనం మొదట చేసేది పై నంబరుకే, వాణ్ణి తెచ్చుకోవడానికి రెండు నిమిషాల దూరంలో ఉండేదీ నేనే. బిడ్డ కనిపించకపోతే ఎవరం ఎవరికీ ఫోన్ చేయకూడదు, వదినకి మాత్రమే చేయాలి, అదీ మా ఆయన ఫోన్ నుంచి. నా ఫోన్ ఖాళీగా ఉండాలి. నాకూ ఆయనకీ వేర్వేరు కంపెనీల సిమ్‌లు కావడం కలిసొచ్చింది. జనం ఎక్కువైతే ఒక నెట్‌వర్క్ మూగబోయినా రెండోది పని చేసే అవకాశం ఉంటుంది.

పేరు రాయలేదు. అత్తయ్యకి ఇది నచ్చలేదు, "పేరు లేని బిడ్డేంటే" అంది. ఎవడో వచ్చి పేరు పెట్టి పిలిస్తే చిన్నాడు తెలిసినవాళ్లే అనుకుని చెయ్యి పట్టుకుపోతాడు కదా అంటే ఊరుకుంది. నంబర్ల ముందు తమిళంలో అమ్మ, అత్త అని మాత్రం రాయించాను. ముందు సున్నా, ప్లస్ తొంభై ఒకటి లాంటివేమీ లేవు. మొబైల్ నుంచి చేసేవాళ్లకి పది అంకెలు చాలు. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే సున్నా కలపాలన్నది 2021 జనవరి నుంచి ఉన్న పద్ధతే, వాళ్లే కలుపుకుంటారు. ఐదేసి అంకెలుగా విడదీసి, ఒకటి ఏడులా కనిపించకుండా రాశాను. బాల్‌పెన్‌తో రాస్తే చెమటకి చెదిరిపోతుంది. పర్మనెంట్ మార్కర్‌తో రాసి, ఒక నిమిషం ఆరనిచ్చి, పైన పారదర్శకంగా ఉండే టేపు అంటించాను. పట్టీ ఎడమ చేతికి కట్టాను, కుడి చేత్తో ప్రసాదం తింటాడు కాబట్టి. లోపలికి వేలు దూరేంత వదులు, అంతకంటే ఎక్కువైతే జారిపోతుంది. మోచేతి దగ్గర చర్మం మీద కూడా నా నంబరు రాశాను. అది అత్తయ్య వాడికి కొబ్బరినూనె రాయకముందే అయిపోవాలి, జిడ్డు మీద మార్కర్ పట్టదు.

పొద్దున బయల్దేరేముందు పక్కింటావిడ ఫోన్ అడిగి రెండు నంబర్లకీ చేసి చూశాం. ఆవిడ నంబరు మా ఫోన్లలో సేవ్ అయి లేదు, అందుకే ఆవిడది. వదిన ఫోన్ మోగలేదు. తెలియని నంబర్లని సైలెంట్ చేసే సెట్టింగ్ ఎవరో పెట్టేశారట, లోన్ల వాళ్ల గోల తట్టుకోలేక. ఆ సెట్టింగ్ తీయించాం. పిల్లాడు దొరికి చేసేవాళ్లది ఎప్పుడూ తెలియని నంబరే.

బీచ్ స్టేషన్‌లో రైలు మారి తిరుమయిలైలో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇక నడిచామని చెప్పలేను, జనమే మోసుకెళ్లారు. వీధి పొడుగునా పందిళ్లు, మజ్జిగ, పానకం, పులిహోర. అత్తయ్య ఒక్కో పల్లకీకీ రెండు చేతులూ ఎత్తి దండం పెడుతూనే ఉంది. మైలాపూర్‌లోనే పాముకాటుకి చనిపోయిన పూంపావైని ఆ అరవై ముగ్గురిలో ఒకరైన సంబంధర్ పదిగం అనే శివస్తుతి పాడి అస్థికల్లోంచి బతికించిన కథ వదిన ముందే చెప్పి పంపింది. "సంబంధర్ ఎవరే, ఏ పల్లకీలో?" అని అడుగుతూనే ఉంది.

మా చిన్నాడు తప్పిపోలేదు. ఒక మజ్జిగ పందిరి దగ్గర నాలుగేళ్ల పాప ఏడుస్తూ కనిపించింది. చేతికి గులాబీ రంగు పట్టీ, దాని మీద పెద్ద అక్షరాల్లో పేరు, కింద ఒకే నంబరు. మా ఆయన చేశారు. రెండుసార్లు పూర్తిగా మోగి ఆగిపోయింది. మూడోసారి నుంచి ఎంగేజ్. పాపని తీసుకుని వెతుక్కుంటూ తిరగడం వద్దని అక్కడే నిలబడి, పాప ఏ పందిరి దగ్గర ఉందో చెబుతూ తమిళంలో ఎస్సెమ్మెస్ పెట్టాం. కాల్ కలవనప్పుడు కూడా మెసేజ్ ఒక్కోసారి దూరిపోతుంది. అందులో పాప పేరు, గౌను రంగు రాయలేదు. వచ్చినవాడే చెప్పాలి అవి. పందిరి వాళ్లు వెళ్లి ఒక మహిళా కానిస్టేబుల్‌ని పిలుచుకొచ్చారు.

కాసేపటికి తండ్రి వచ్చాడు, ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అప్పటిదాకా బావమరిదితో మాట్లాడుతున్నాడట. మా నంబరు మొదట వచ్చినప్పుడు ఏదో ప్రకటన అనుకుని ఎత్తలేదట. తల్లి ఫోన్ చూస్తే సంచి అడుగున, సైలెంట్‌లో. కానిస్టేబుల్ వెంటనే అప్పగించలేదు. ఏం వేసుకుంది, పొద్దున తీసిన ఫొటో ఉందా అని అడిగి, ఫొటో చూశాకే పాపని ఇచ్చింది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. పాప అప్పటికే తండ్రి మెడ పట్టుకుని వేలాడుతోంది, ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవాళ్లు.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. అక్కడి టవరే కిక్కిరిసిపోతే, పిల్లాడి దగ్గర నిలబడి ఫోన్ చేసేవాళ్లకీ అదే బాధ, పట్టీ మీద ఎవరి నంబరున్నా ఒకటే. అందుకే ఫోన్లు పని చేయకపోతే తేరు నిలిపే చోటు దగ్గర కలుసుకోవాలని పెద్దవాళ్లం ముగ్గురం ముందే అనుకున్నాం. చిన్నాడికి మాత్రం కదలకుండా నిలబడి, ఖాకీ బట్టలవాళ్లకో, పిల్లల్ని ఎత్తుకున్న అమ్మలకో పట్టీ చూపించమని చెప్పాం. ఐదేళ్లవాడికి అంతకంటే ఎక్కువ చెప్పినా గుర్తుండదు.

రాత్రి వదినింట్లో భోజనాలయ్యాక పట్టీ కత్తిరించి, నంబర్లు రెండు ముక్కలయ్యేలా చించి చెత్తలో వేశాను. మోచేతి మీది రాత సబ్బుకి పోలేదు, శానిటైజర్ రాస్తే పోయింది. వదిన తన ఫోన్‌లో ఆ సెట్టింగ్ మళ్లీ పెట్టేసుకుంది, లోన్ల వాళ్లు ఆ ఒక్క పూటలోనే మూడుసార్లు చేశారట.