జేఆర్ఎఫ్ వచ్చింది, ఇక ప్లాస్మోడెస్మాటా గురించి చెప్పుకోవాలి

రిజల్ట్ వచ్చింది. లైఫ్ సైన్సెస్‌లో పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్, జేఆర్ఎఫ్, వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచడం అయిపోయింది, ఫోన్లు కూడా తగ్గాయి. చాలామంది "ఏ పుస్తకాలు చదివారు" అని అడుగుతున్నారు. ఆ లిస్టు మీ అందరి దగ్గరా ఉంది, నాది వేరేదేమీ కాదు. అందుకని ప్లాస్మోడెస్మాటా అనే ఒక్క టాపిక్ ఎలా చదివానో రాస్తాను. అది సిలబస్‌లో ఒకచోట కుదురుగా ఉండదు. కణాల మధ్య సమాచారం అని యూనిట్ 4లో, అభివృద్ధి అని 5లో, మొక్కలో ఆహారం మోసే ఫ్లోయం రవాణా అని 6లో తగులుతూ ఉంటుంది. అందుకే నోట్సుల్లో దానికి మూడేసి లైన్లే ఉంటాయి.

ఆ మూడు లైన్లూ మీకు వచ్చు. కణకవచం గుండా పక్క కణంలోకి వెళ్లే సన్నని దారి. ఒక కణపు ప్లాస్మా త్వచమే ఆ రంధ్రం లోపలి అంచు వెంబడి సాగి పక్క కణపు త్వచంగా మారుతుంది. మధ్యలో ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, అంటే ఈఆర్, నలిగి సన్నని గొట్టంలా ఉంటుంది, అదే డెస్మోట్యూబ్యూల్. మొత్తం దారి వెడల్పు సుమారు 30 నుంచి 50 నానోమీటర్లు, డెస్మోట్యూబ్యూల్ సుమారు 15. ఈ రెండింటికీ మధ్య మిగిలిన సందులోనే, దాన్ని సైటోప్లాస్మిక్ స్లీవ్ అంటారు, చక్కెరలూ అయాన్లూ కదులుతాయి. ఆ సందు కూడా ఖాళీగా ఉండదు, ప్రొటీన్లు ఇరుక్కుని ఉంటాయి. అందుకే ముదురు ఆకు కణాల్లో 800 నుంచి 1000 డాల్టన్ల బరువున్న అణువుల వరకే మామూలుగా దాటగలవు. సుక్రోజ్ 342 డాల్టన్లు, హాయిగా వెళ్తుంది.

ఇక్కడే ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. పొగాకు మొజాయిక్ వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీ. ఆ కడ్డీకి ఆ సందు చాలదు. మరి ఒక కణంలో పడ్డ వైరస్ ఆకంతా ఎలా పాకుతోంది? మా రూమ్‌మేట్ "ఇది పేపర్‌లో వస్తుందో రాదో, ఇన్ని రోజులు దీనికేనా రా" అని గొణిగేవాడు. వాడికి ఆ రోజుల్లో జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

జవాబు Ls1 అనే ఒక మ్యూటెంట్ వైరస్‌లో ఉంది. 22 డిగ్రీల దగ్గర అది మామూలు వైరస్‌లాగే ఆకులో వ్యాపిస్తుంది. 32 డిగ్రీల దగ్గర వ్యాపించదు. వేడికి వైరస్ వృద్ధే ఆగిపోయిందేమో అని ఎవరికైనా మొదట అనిపిస్తుంది. దాన్ని తేల్చడానికి కణకవచం తీసేసిన ప్రోటోప్లాస్టుల్లో అదే వైరస్‌ను 32 డిగ్రీల దగ్గర పెంచి చూశారు. అక్కడ చక్కగా పెరిగింది. అంటే ఆర్ఎన్ఏ కాపీ కావడంలో లోపం లేదు, పక్క కణంలోకి దాటడంలోనే ఉంది. ఈ ఒక్క కంట్రోల్ అర్థమైతే పార్ట్ సిలో ఇలాంటి ప్రశ్న ఏ వేషంలో వచ్చినా పట్టుకోవచ్చు. ఆకులో ఆగి, ప్రోటోప్లాస్టులో ఆగకపోతే లోపం కదలికలో ఉన్నట్టు. రెండింటిలోనూ ఆగితే వృద్ధిలో ఉన్నట్టు.

తర్వాత మామూలు వైరస్, Ls1 వరుసలు పోల్చి చూస్తే 30 కిలోడాల్టన్ల ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, ప్రోలిన్ బదులు సెరీన్. దాన్నే ఇప్పుడు మూవ్‌మెంట్ ప్రొటీన్ అంటున్నాం. 1987లో డియోమ్, ఆలివర్, బీచీ ఈ ప్రొటీన్ జన్యువును పొగాకు మొక్కలోనే పెట్టారు. ఆ మొక్కల్లో Ls1 వైరస్ 32 డిగ్రీల దగ్గర కూడా పాకింది. వైరస్‌కు లేనిది మొక్క సమకూర్చిందన్నమాట. 1989లో అలాంటి మొక్కల ఆకు కణాల్లోకి డెక్స్‌ట్రాన్ అనే మెరిసే చక్కెర గొలుసులు ఎక్కించి చూశారు. మామూలు మొక్కల్లో 700–800 డాల్టన్ల దగ్గరే హద్దు ఉంటే, వీటిలో 9,400 డాల్టన్లది కూడా పక్క కణాల్లోకి వెళ్లింది.

ఇక్కడ చాలామంది చదవడం ఆపేస్తారు. ఆపితే ఒక చిక్కు మిగిలిపోతుంది. వైరస్ ఆర్ఎన్ఏలో సుమారు 6,400 న్యూక్లియోటైడ్లు ఉంటాయి, బరువు 20 లక్షల డాల్టన్లు. హద్దు తొమ్మిది వేలకు పెరిగినంత మాత్రాన అది పట్టదు కదా! మూవ్‌మెంట్ ప్రొటీన్ చేసే రెండో పని తెలిస్తేనే ఇది విడిపోతుంది. అది ఒంటిపోగు ఆర్ఎన్ఏకు వెంబడి అంటుకుని, ముద్దగా చుట్టుకోనివ్వకుండా సన్నగా సాగదీసి ఉంచుతుంది. వెళ్లేది కడ్డీ కాదు, ప్రొటీన్ తొడిగిన ఆర్ఎన్ఏ పోగు. దారికి బరువుతో పని లేదు, మందంతోనే పని. డాల్టన్లలో చెప్పే హద్దు మన సౌలభ్యం కోసమే.

దారి బిగిసేది కాలోస్ వల్ల. దారి మెడ చుట్టూ కణకవచంలో ఈ బీటా-1,3-గ్లూకాన్ పేరుకుంటే, గోతం మూతికి తాడు బిగించినట్టు సందు ఇరుకవుతుంది. బీటా-1,3-గ్లూకనేజ్ దాన్ని కరిగిస్తే వదులవుతుంది. ఈ గ్లూకనేజ్‌ను మనం శిలీంధ్రాలను ఎదుర్కొనే రక్షణ ప్రొటీన్‌గా చదువుకున్నాం. కానీ ఆ ఎంజైమ్ తగ్గించిన పొగాకు మొక్కల్లో కాలోస్ ఎక్కువ పేరుకుని, వైరస్ పాకడం నెమ్మదించింది. శిలీంధ్రం మీద రక్షణ, వైరస్‌కు తలుపు. స్టేట్‌మెంట్ ప్రశ్నలకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు. కాలోస్‌ను అనిలిన్ బ్లూ రంగుతో, ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులో చూస్తారు.

గాయం తగిలినా కాలోస్ పేరుకుంటుంది. కాబట్టి సూదితో రంగు ఎక్కించి కొలిచినప్పుడు, ఆ సూది గాయమే దారిని బిగించి హద్దును తక్కువగా చూపించవచ్చు. తర్వాత ఫ్లోయం నుంచి లేత ఆకుల్లోకి దిగే, పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్‌ను చూశాక బొమ్మ మారింది. ఒపార్కా బృందం 1999లో చూపించింది ఏమిటంటే, ఇంకా ఆహారం తెచ్చుకునే లేత ఆకుల్లో దారులు సూటిగా ఉంటాయి, 27 కిలోడాల్టన్ల జీఎఫ్‌పీ వాటిలో సులువుగా పాకుతుంది. ఆకు ముదిరి ఆహారం పంపే దశకు వచ్చేసరికి దారులు కొమ్మలుగా చీలతాయి, జీఎఫ్‌పీ ఆగిపోతుంది. "అన్ని కణాల్లోనూ హద్దు ఒక కిలోడాల్టన్" అనే ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి. మన కోచింగ్ మెటీరియల్‌లో ఆ వాక్యమే బోల్డ్‌లో ఉంటుంది, ఏం చేస్తాం.

మిగతావి గబగబా. మొక్క సొంత ప్రొటీన్లు కూడా ఈ దారిన వెళ్తాయి. మొక్కజొన్న నాటెడ్1, అరబిడాప్సిస్ వేరులో మధ్య స్తంభం నుంచి ఎండోడెర్మిస్‌లోకి వెళ్లే షార్ట్‌రూట్, ఈ రెండూ చాలు. చరిత్ర అడిగితే 1879లో టాంగ్ల్, చూసింది ముషిణి గింజ అంకురచ్ఛదంలో, మన అడవుల్లో ఉండే చెట్టే. పేరు పెట్టింది 1901లో స్ట్రాస్‌బర్గర్. జంతు కణాలను కలిపే గ్యాప్ జంక్షన్‌తో పోల్చమంటే, హద్దు దగ్గరదగ్గరగా ఉన్నా, అక్కడ కనెక్సిన్ ప్రొటీన్ల రంధ్రాలే తప్ప త్వచమూ ఈఆర్ కొనసాగవని గుర్తుంచుకోండి.

చివరగా నేను తయారు చేసుకున్న ఒక ప్రశ్న. పొగాకు మొజాయిక్ వైరస్‌లో కడ్డీకి తొడుగయ్యే కోట్ ప్రొటీన్ జన్యువు తీసేసి, మూవ్‌మెంట్ ప్రొటీన్ అలాగే ఉంచి, ఒక కింది ఆకుకు అంటించారు. ఏమవుతుంది? ఆ ఆకులో కణం నుంచి కణానికి పాకుతుంది, ఎందుకంటే అక్కడ వెళ్లేది కడ్డీ కాదు. ఫ్లోయం ద్వారా పై ఆకులకు చేరడం మాత్రం దెబ్బతింటుంది, ఆ దూరప్రయాణానికి కోట్ ప్రొటీన్ కావాలి.